తలుపు మీద ట్యూషన్

మొన్న ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన మేస్త్రి మా పడగ్గది తలుపు దగ్గర ఆగిపోయాడు. ఆ తలుపు నిండా సిరా మరకలు, కంపాసు ముల్లుతో గీసిన గీతలు, ఒక అంచున ఎవరో కొరికినట్టు చిన్న గాటు.

"ఎలుకలాండీ?" అన్నాడు.

"కాదు నాయనా, పిల్లలు" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "గీకేసి రంగు కొట్టేస్తానండి, కొత్తదానిలా అయిపోతుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇల్లంతా నీ ఇష్టం, ఆ తలుపు జోలికి మాత్రం వచ్చావంటే బాగుండదు అని చెప్పేశాను. లోపల కూరగాయలు తరుగుతున్న మా ఆవిడ నవ్వడం వినిపించింది. ఆ నవ్వుకు అర్థం నాకు తెలుసు. ఒకప్పుడు ఆ తలుపు కోసం ఆవిడతో రోజూ పోట్లాడినవాణ్ణి నేనే మరి.

మా ఆవిడ బడిపంతులమ్మ. బడిలో పై క్లాసులకు సైన్సు చెప్పేది. క్లాసుకు అరవై మంది. "మొదటి వరసలో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఆఖరి వరసలో వాళ్ళకి నేను చెప్పేది చేరట్లేదు. మధ్యలో నేనెందుకండీ?" అని ఇంటికొచ్చి కాళ్ళు బార్లా చాపుకుని కూర్చునేది. నేను ప్రెస్సులో కంపోజిటర్ని. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, వరసలు పేర్చేవాణ్ణి. ఆ రోజుల్లోనే మా ప్రెస్సులోకి కంప్యూటర్ దిగింది. దాని ముందు ఒక కుర్రది కూర్చుని, నేను రోజంతా పేర్చే పుస్తకాన్ని కాఫీ చల్లారేలోపు కొట్టి పడేసేది. యజమాని మంచివాడే, పొమ్మనలేదు. వారంలో సగం రోజులు వస్తే చాలన్నాడు. జీతం కూడా సగమే అని వేరే చెప్పాలా?

ఆ వారమే మా ఆవిడ, "సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్ పెడతానండీ" అంది. "పెట్టు, నన్నడుగుతావేం?" అన్నాను గొప్పగా. ఆ మాట ఎంత పొరపాటో తర్వాత తెలిసింది.

ముందు హెడ్మిస్ట్రెస్ గారి అనుమతి తీసుకుంది. ఆవిడ సరేనంటూనే, మన బడి వ్యవహారం నీ ఇంటికి రాకూడదమ్మా అని ఒక్క మాట అన్నారట. దాన్ని మా ఆవిడ ఇంకా బిగించింది. తను పాఠం చెప్పే క్లాసుల పిల్లల్ని ఒక్కర్ని కూడా తీసుకోనంది. వాళ్ళే కదా తేలిగ్గా దొరికే పిల్లలు అని నేను గింజుకున్నాను.

"మార్కులు వేసే చేత్తోనే ఫీజు తీసుకోమంటారా?" అంది. "రేపు వాడికి నిజంగానే మంచి మార్కులొచ్చినా ఎవరు నమ్ముతారు? వాడే నమ్మడు."

దానితో పై క్లాసులు పోయాయి. మిగిలినవి ఐదు, ఆరు, ఏడు. సరే, ఏ సబ్జెక్టులు? వీధిలో అందరూ అన్నీ చెప్పాలన్నారు. వీధి చివర మేడ మీద కోచింగ్ సెంటర్ నడిపే పెద్దమనిషి అన్నీ చెప్పేవాడు. యాభై మందిని ఒక్క హాల్లో కుదేసి, మెడలో మైకు తగిలించుకుని చెప్పేవాడు కాబట్టి ఆయన్ని మేం మైకు మాస్టారు అనేవాళ్ళం. మా ఆవిడ మాత్రం లెక్కలొక్కటే అంది. పోనీ నీ సైన్సైనా చెప్పవే అంటే, "సైన్సు బడిలో వింటే సరిపోతుంది. లెక్కల్లో ఒక మెట్టు తప్పితే పై మెట్లన్నీ తప్పుతాయి. ఆ తప్పిన మెట్టేదో పక్కన కూర్చుని చూస్తేనే దొరుకుతుంది" అంది. రెండు నెలలు పోయాక లెక్కలతో పాటు చదవడం కూడా కలిపింది. లెక్క రాదని వచ్చినవాళ్ళలో సగం మందికి అసలు లెక్కను చదవడమే రాదని అప్పుడు తేలింది.

ఫీజు దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. మైకు మాస్టారు ఏడాది మొత్తానికి ఒకేసారి ముందే వసూలు చేసేవాడు. నేను అలాగే చేయమన్నాను. మా అమ్మ, చదువు చెప్పి డబ్బు పుచ్చుకోవడమేమిటే, నాకు మొహం చెల్లదు అంది. మా ఆవిడ ఇద్దరి మాటా వినలేదు. బజారుకెళ్ళి పిల్లల చెప్పుల ధర కనుక్కుని వచ్చింది! ఒక జత మామూలు చెప్పుల ఖరీదు ఎంతో, నెలకు అంత. "చెప్పులు తెగితే మన వీధిలో ఏ తల్లయినా ఎలాగోలా కొంటుంది. అంతకంటే తక్కువ పెడితే ఇదేదో కాలక్షేపం అనుకుంటారు. ఎక్కువ పెడితే మార్కులు కొనుక్కున్నామనుకుంటారు" అంది. అందరికీ ఒకే ఫీజు, ఏ నెలది ఆ నెల మొదటి వారంలో. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు. ఈ చివరి మాట విని నేను తల పట్టుకున్నాను.

ఇక బ్యాచికి ఎంతమంది అన్నది. అది తేల్చింది మాత్రం మా తలుపే.

ఇంట్లో బల్ల లేదు. కొందామంటే, "ముందు పిల్లలు రానివ్వండి" అంది. ఇల్లంతా కలయజూసి, పడగ్గది తలుపు దగ్గర ఆగింది. నా గుండెలో రాయి పడింది. బందుల్లో చీలలు పైకి లాగితే తలుపు ఊడి వస్తుంది. దాన్ని ముందు గదిలో రెండు ట్రంకు పెట్టెల మీద పరిస్తే, చాప మీద కూర్చునే పిల్లలకు సరిగ్గా ఛాతీ ఎత్తుకు వస్తుంది. పొడుగు వైపు మధ్యలో తను కూర్చుంది. ఎదురుగా ముగ్గురు, రెండు కొసల్లో చెరొకరు, తన పక్కన ఒకరు. "ఆరుగురు. అంతే" అంది.

"ఇంకో ఇద్దరు ఇరుక్కుంటారు కదా!"

"ఇరుక్కుంటారు. నాకు కనపడరు."

ఆవిడకు ఒక విద్య ఉంది. ఎదురుగా కూర్చున్న పిల్లవాడి పుస్తకాన్ని తలకిందులుగా చదివేస్తుంది. లేచి వెళ్ళి వాడి భుజం మీంచి తొంగిచూస్తే వాడి పెన్సిలు ఆగిపోతుందట. అందుకని కూర్చున్నచోటి నుంచి ఎన్ని పుస్తకాలు చదవగలిగితే అంతమందే. నేను సీసం అక్షరాల్ని అద్దంలో చూసినట్టు తిరగేసి చదివేవాణ్ణి, ఆవిడ తలకిందులుగా చదివేది. సరిపోయారు, ఈ ఇంట్లో తిన్నగా చదివేదాన్ని నేనొక్కదాన్నే అనేది మా అమ్మ. అంటే వారపత్రికలో సీరియళ్ళు.

రెండు బ్యాచులు పెట్టింది. చీకటి పడకముందు ఒకటి, పడ్డాక ఒకటి. నెల తిరక్కుండానే రెండూ నిండాయి. ప్రెస్సు నుంచి వచ్చి చీలలు లాగడం, తలుపు మోయడం, అందరూ వెళ్ళాక మళ్ళీ బిగించడం నా డ్యూటీ. ఈలోగా నాకు పడగ్గది లేదు. కాసేపు నడుం వాలుద్దామంటే పన్నెండు కళ్ళు నన్నే చూసేవి. లుంగీ కట్టుకోవాలంటే వంటింట్లో డబ్బాల వెనక కట్టుకోవాలి. తల ప్రాణం తోకకు వచ్చేది. "తలుపు లేని పడగ్గదీ, నోరు లేని మగాడూ. ఏం సంసారంరా ఇది" అని మా అమ్మ మురిసిపోయేది. అలా అంటూనే అమ్మ రెండు బ్యాచుల్లోనూ మూలన కూర్చుని, పిల్లలు ఎక్కం మరిచిపోతే పెదాలు కదుపుతూ అందించేది. మా ఆవిడ కళ్ళెర్రజేస్తే వారపత్రిక మొహానికి అడ్డం పెట్టుకునేది.

ఇక్కడే మా ఆవిడ చేసిన పని చెప్పాలి. అలాంటి పని ట్యూషన్ పెట్టినవాళ్ళు ఎవరూ చేయరు.

లెక్క చేసే పిల్లలు ప్రతి మెట్టుకూ తలెత్తి టీచరు మొహం చూస్తారు. గమనించారా? రెండు కలిపి ఓసారి చూస్తారు, భాగించి ఓసారి చూస్తారు. టీచరు కనుబొమ లేస్తే తప్పని కొట్టేస్తారు, పెదవి కదిలితే ఒప్పని ముందుకెళ్తారు. వాళ్ళు చదివేది లెక్కను కాదు, మొహాన్ని. ఏదో ఒక రోజున ఆ పిల్లవాడు తల వంచి, మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా మొహం చూడకుండా లెక్క పూర్తి చేస్తాడు. మళ్ళీ వారమంతా అలాగే చేశాడంటే, మా ఆవిడ వాళ్ళమ్మను పిలిచి, "మీవాడికి వచ్చేసిందండీ. వచ్చే నెల నుంచి పంపకండి" అని చెప్పేది.

పంపకండి! వచ్చే ఫీజును వద్దని, బాగా చదివే పిల్లవాణ్ణి చేజేతులా సాగనంపేది. పిల్లలకు కూడా ఈ సంగతి తెలిసిపోయింది. ఇక్కడ బాగుందని, వెళ్ళడం ఇష్టం లేక, కొందరు వచ్చిన లెక్కకు కూడా తలెత్తి దొంగచూపులు చూసేవారు. ఆవిడ దగ్గరా ఆ వేషాలు?

"ఇలా అయితే మిగిలేదెవరే?" అన్నాను ఒకరోజు.

"లెక్క రానివాళ్ళు."

"వాళ్ళతో మనకు పేరొస్తుందా?"

"పేరు కోసం పెట్టానా?"

పెట్టింది దేనికో నాకూ తెలుసు, నా సగం జీతానికీ తెలుసు. 

నేను భయపడ్డట్టే అయింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోతుంటే, తలుపు చుట్టూ ఎప్పుడు చూసినా రానివాళ్ళే కనిపించేవారు. పైగా ఆవిడ క్లాసును బట్టి కాకుండా, ఎక్కడ మెట్టు తప్పారో దాన్ని బట్టి కూర్చోబెట్టేది. భిన్నాలు రాని ఏడో క్లాసువాడు భిన్నాలు రాని ఐదో క్లాసుదాని పక్కన కూర్చోవాల్సిందే. వాళ్ళకది బాగానే ఉండేది, అమ్మలకే తల కొట్టేసినట్టుండేది. మెల్లగా వీధిలో మా ఇంటికి మొద్దుల బడి అని పేరు పడింది. పంపేవాళ్ళు కూడా గుట్టుచప్పుడు కాకుండా వెనక సందులోంచి పంపడం మొదలెట్టారు. పిల్లలు పెరటి గుమ్మంలోంచి, వంటింట్లోంచి, లుంగీ మార్చుకుంటున్న నన్ను దాటుకుంటూ వచ్చేవారు.

ఒకరోజు నేనూ మా ఆవిడా దర్జీ కొట్టుకెళ్తే, మా వీధిలోని బ్యాంకాయన భార్య కనిపించింది. వాళ్ళబ్బాయి మా దగ్గర భాగహారం దగ్గర్నుంచి నేర్చుకుని వెళ్ళాడు. ఎవరో ఆవిడతో, మీవాడికి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయటగా అన్నారు. ఆవిడ మా ఇద్దరినీ చూసి కూడా, "అవునండీ, ఎక్కడికీ పంపలేదు. సొంతంగానే చదువుకున్నాడు" అంది. నేను అగ్గి మీద గుగ్గిలమైపోయాను. నోరు తెరిచేలోపు మా ఆవిడ నా చెయ్యి గట్టిగా నొక్కింది. వీధిలోకి వచ్చాక, ఎందుకు ఆపావే అని అరిచాను.

"ఆవిడ అన్నది నిజమే కదా" అంది. "ఇప్పుడు సొంతంగానే చదువుకుంటున్నాడు. నాకు కావలసింది అదేగా. అయినా వాడు మనింటికి వచ్చాడని మనమెందుకు చెప్పాలి? అది వాడి గుట్టు."

నొక్కిన నా చెయ్యి మాత్రం ఇంటిదాకా వదల్లేదు. 

ఆ చలికాలంలో రెండు బ్యాచులు ఒకటయ్యాయి. ఒకటి కూడా సగమైంది. ఒక సాయంత్రం మైకు మాస్టారు స్వయంగా మా ఇంటికొచ్చాడు. తలుపు చుట్టూ ఉన్న ముగ్గురు పిల్లల్ని చూశాడు.

"టీచరుగారూ, మీకెందుకండీ ఈ అవస్థ? మా దగ్గరికొచ్చేయండి. రోజుకి రెండు క్లాసులు. నెల తిరిగేసరికి జీతం చేతిలో పెడతాను. యాభై మందికి ఒకేసారి చెప్పొచ్చు" అన్నాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. ఆ జీతం మా ఇంటికి అవసరం కూడా. మా ఆవిడ చాలాసేపు తలుపు మీది మరక ఒకటి గోటితో గీకుతూ కూర్చుంది. తర్వాత, "వేసవి సెలవుల దాకా ఆగండి. ఈలోగా ఏ రోజున ఈ తలుపు దగ్గర ఒక్కరు కూడా లేకపోతే, ఆ మర్నాడే వచ్చి మీ మైకు పట్టుకుంటాను" అంది. ఆయన వెళ్ళాక నాతో, "మీ మీద ఒట్టు, మాట తప్పను. మీరు కూడా ఎన్నాళ్ళు సగం జీతంతో లాక్కొస్తారు?" అంది.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మైకులో మాట్లాడుతూ, ఆఖరి వరసకు చేరని గొంతుతో, మళ్ళీ అదే బతుకు. బడిలో అరవై మందితో పొద్దంతా పడేది చాలక సాయంత్రం ఇంకో యాభై మంది. అది తలుచుకుంటేనే ఆవిడ మొహం వాడిపోయేది. దీపం పెట్టే వేళకు ఆ తలుపు ముందు కూర్చున్నప్పుడే ఆవిడ వెలిగేది. అది నేను చూశాను. అందుకే మొదటిసారి ఆ తలుపు ట్రంకు పెట్టెల మీదే ఉండిపోతే బాగుండునని అనిపించింది.

మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి వచ్చేసింది. మా ఆవిడ ఎప్పటిలాగే వాళ్ళను పంపించేసింది. ఒక్కరు మిగిలారు. దాని అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, అందరికీ అది నత్తే.

నత్త పిండిమర ఆవిడ కూతురు. ఐదో క్లాసు. నత్త అని పేరు పెట్టింది తల్లే. ఏ పని చెప్పినా దానికి పొద్దుగూకేది. సున్నా రాసినా గుండ్రంగా వచ్చేదాకా దిద్దేది. మా ఆవిడ పక్కన ఉండే ఆరో చోటు, అంటే అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడే పిల్లల చోటు, మొదటి రోజు నుంచీ దానిదే. అది మెట్టు మెట్టుకూ కాదు, అంకె అంకెకూ తలెత్తి మా ఆవిడ మొహం చూసేది. తలుపు అంచు కొరికింది కూడా అదే, ఆలోచిస్తూ. కానీ ఒకటి చెప్పాలి. అది వెనక సందులోంచి ఒక్కరోజు కూడా రాలేదు. వీధి గుమ్మంలో నిలబడి, తల్లి లాంటి పెద్ద గొంతుతో, "టీచర్, వచ్చేశానండీ" అని కేక పెట్టి మరీ వచ్చేది.

ఒక్క పిల్ల కోసం నేను తలుపు ఊడదీసి వేసేవాణ్ణి. మా అమ్మ కూడా మూల నుంచి జరిగి దగ్గరకొచ్చి కూర్చునేది. అంత పెద్ద తలుపు, దాని మీద ఒకే ఒక్క చిన్న పుస్తకం.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒక సాయంత్రం నేను గుమ్మంలో కూర్చుని పేపరు చూస్తున్నాను. ఏదో తేడాగా అనిపించి తల తిప్పాను. నత్త తల వంచి రాస్తోంది. రాస్తూనే ఉంది. పెద్ద భిన్నాల లెక్క. పైనా కిందా కొట్టేసుకుంటూ, చివరిదాకా వెళ్ళి, కింద గీత గీసి, పెన్సిలు పక్కన పెట్టింది. ఒక్కసారి కూడా తలెత్తలేదు. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడకూ తెలిసింది. మా అమ్మకు కూడా తెలిసింది, చదవని వారపత్రిక పైకెత్తింది. ముగ్గురం దొంగల్లా గమ్మున ఉన్నాం.

"ఇంకోటి ఇస్తాను" అంది మా ఆవిడ.

ఇంకోటి ఇచ్చింది. మర్నాడు కొంచెం కష్టమైంది ఇచ్చింది. ఆ మర్నాడు దశాంశాలు మొదలెట్టింది, ఆ ఏడాది పాఠాల్లో లేకపోయినా సరే. వారం గడిచింది, ఇంకో వారం వచ్చింది. వచ్చేసిన పిల్లను ఇంటికి పంపే మనిషి ఈ పిల్లను మాత్రం పంపట్లేదు. నేనూ అడగలేదు. అడిగితే తలుపు ఖాళీ అవుతుంది. అయితే ఆవిడ మైకు పట్టుకోవాలి. రాత్రి అన్నాల దగ్గర ఆవిడే, "దానికి గుణకారంలో ఇంకా కాస్త అనుమానం ఉందనుకుంటా" అంది ఎటో చూస్తూ. "ఉండొచ్చు" అన్నాను నీళ్ళు నమిలి. మా అమ్మ, "ఉందుంది" అంది. దాని గుణకారం గురించి మా అమ్మకు ఏం తెలుసో దేవుడికే తెలియాలి.

తర్వాతి సాయంత్రం నత్త ఇచ్చిన లెక్క పూర్తి చేసి, పుస్తకం మూసింది. ఇంకోటి ఇవ్వబోయింది మా ఆవిడ. అది తలెత్తింది.

"టీచర్, నేను మీ మొహం చూడట్లేదండి" అంది.

"అవునా?" అంది మా ఆవిడ.

"చాలా రోజుల్నించీ చూడట్లేదండి. ఇప్పుడు మీరే నా మొహం చూస్తున్నారు."

 ఆ పిల్ల తప్పు పట్టి అనలేదు. లెక్కలో తేలిన జవాబు చెప్పినట్టు చెప్పిందంతే.

"నాకు వచ్చేసినట్టేనాండీ?" అని అడిగింది మళ్ళీ.

"వచ్చేసిందమ్మా" అంది మా ఆవిడ. "ఎప్పుడో వచ్చేసింది. నేనే చెప్పలేదు."

"అయితే రేపట్నించి రానండి" అని, పుస్తకాలు సర్దుకుని, ఎప్పటిలా కాకుండా చకచకా వీధిలోకి పరిగెత్తింది. వీధి మలుపులో అది "వచ్చేసిందీ" అని అరుస్తుంటే మాకు వినిపించింది.

మా ఆవిడ ఆ ఆరో చోటు మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. నేను ఆవిణ్ణి అంతకుముందు ఏడవగా చూడలేదు, మా నాన్న పోయినప్పుడు తప్ప. "దాన్ని ఆపుదామనుకున్నానండీ, నా స్వార్థం కోసం దాన్ని మొద్దుగానే ఉంచేద్దామనుకున్నాను" అంది.  పక్కన కూర్చున్నాను.

కళ్ళు తుడుచుకుని, "తలుపు పెట్టేయండి. చీలలు గట్టిగా దిగ్గొట్టండి. ఇక తీసే పని లేదు" అంది. సుత్తి తెచ్చి కొట్టాను. నా కోపమంతా ఆ చీలల మీద చూపించాను. ఎవరి మీద కోపమంటే చెప్పలేను. కంప్యూటరు మీద, బ్యాంకాయన భార్య మీద, నా మీద. తలుపు కదలకుండా బిగిసిన పడగ్గదిలో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చి, మొహం కడుక్కుని, మంచి చీర కట్టుకుంది. కోచింగ్ సెంటరుకు వెళ్ళడానికి. "నేనూ రానా?" అంటే, "మీరెందుకు, మైకు మోయడానికా?" అని నవ్వబోయి మానేసింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. అప్పుడు వీధి గుమ్మంలో కేక వినిపించింది.

"టీచర్, వచ్చేశానండీ!"

నత్త. అది ఒక్కతే కాదు. దాని వెనక నలుగురు పిల్లలు, వాళ్ళ వెనక ముగ్గురు అమ్మలు, అందరికంటే వెనక, ఒంటినిండా పిండితో పిండిమర ఆవిడ. పట్టపగలు, నడివీధిలోంచి!

సంగతేమిటంటే, పిండిమరలో మాట్లాడాలంటే అరవాలి. మర రొదలో చెవిలో చెప్పే మాటలు కుదరవు. పొద్దున్న వరసలో నిలబడ్డ ఆడవాళ్ళతో పిండిమర ఆవిడ, "మా నత్తకి లెక్కలు ఒక్క ముక్క వచ్చేది కాదు! టీచరుగారింటికి పంపాను! ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర చిల్లర అదే లెక్క చెబుతోంది!" అని మర ఆగినా ఆగకుండా అరుస్తూనే ఉందట. ఒకావిడ, అది మొద్దుల బడి కదా అంటే, "అవును! మాది మొద్దే! అందుకే పంపాను! వచ్చినవాళ్ళని ఎవరైనా పంపుతారా?" అని అరిచిందట. అంతే, ఇంతకాలం వెనక సందులోంచి నడిచిన గుట్టంతా ఒక్క పూటలో మర పట్టేసింది. బ్యాంకాయన భార్య కూడా ఆ వరసలోనే ఉందట. మావాడు కూడా అక్కడే అని, మెల్లగానే అయినా, అందట.

అమ్మలు గుమ్మంలో నిలబడి నీళ్ళు నములుతున్నారు. పరీక్షలు నెత్తి మీదున్నాయి, చేర్చుకుంటారా, ఫీజెంత, ఎన్నాళ్ళు పంపాలి అని ఒకరి మీదొకరు పడి అడుగుతున్నారు.

"ఒక జత చెప్పుల ఖరీదు" అంది మా ఆవిడ. "వచ్చేదాకా పంపండి. వచ్చాక పంపకండి. పరీక్షలకి ఇంత తక్కువ రోజుల్లో అద్భుతాలు జరుగుతాయని మాత్రం నేను చెప్పను." 

అమ్మలు తలలూపారు. పిల్లలు చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. నత్త మాత్రం గడప అవతలే నిలబడింది.

"నువ్వూ రావే, కూర్చో" అంది మా ఆవిడ. ఆశగా అంది, నాకు తెలుసు.

"నాకెందుకండీ? నాకు వచ్చేసిందిగా" అంది నత్త. పక్కన నిలబడ్డ ఒక బుడ్డోడి వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. "వీడికి ఆ చోటివ్వండి టీచర్. వీడికి నాకంటే రాదు."

అని చెప్పి వెళ్ళిపోయింది. మా ఆవిడ గుమ్మం పట్టుకుని, అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత కాళ్ళకున్న చెప్పులు విప్పి మూలన పెట్టింది.

"ఏమండీ, తలుపు తెండి" అంది.

తేవాలంటే చీలలు రావాలిగా! నిన్న నా కోపమంతా వాటి మీద చూపించానని చెప్పాను కదా. పట్టకారు పెట్టి లాగాను, సుత్తితో కింద నుంచి కొట్టాను, మా అమ్మ నూనె పోసింది. కదిలితే ఒట్టు. "చేతకాని పని చేయమంటే ఇంతే" అని మా అమ్మ, "అంత గట్టిగా ఎందుకు కొట్టారండీ" అని మా ఆవిడ. దిగ్గొట్టమంది ఎవరని అడిగే తీరిక ఎవరికుంది? చివరికి పిల్లలందరూ వచ్చి తలుపు పట్టుకుని ఊపితే, చీలలు ఊడివచ్చాయి. ఆరో చోటులో బుడ్డోడు కూర్చున్నాడు. మొదటి అంకె రాసి, తలెత్తి, మా ఆవిడ మొహం చూశాడు.